దాచడం తెలియని ఫోను

నాగజ్యోతికి ఒక అలవాటుంది. ఏదీ చెరపదు. హోసూరులో ఆమె చేత వెబ్‌సైట్లు చేయించుకునే వాళ్ళదంతా ఒకటే వరస. సోమవారం ఒక బొమ్మ తీసెయ్యమంటారు, గురువారం అదే బొమ్మ ఏదమ్మా అని అడుగుతారు. నాలుగైదుసార్లు ఈ తిప్పలు పడ్డాక ఆమె తెలివిమీరింది. తీసెయ్యమన్న దాన్ని తియ్యకుండా, కనబడకుండా చేసి ఊరుకోవడం నేర్చుకుంది. పేజీలో ఆ బొమ్మ అలాగే ఉంటుంది. ‘ఇది చూపించవద్దు’ అని పక్క ఫైల్లో ఒక వాక్యం రాస్తే సరి. అడిగినప్పుడు ఆ వాక్యం తుడిచేస్తే బొమ్మ మళ్ళీ వస్తుంది. పని తగ్గింది, మాటపడడమూ తగ్గింది. ఆ అలవాటే ఒకనాడు ఆమె మెడకు చుట్టుకుంది.

ఆమెది కదిరి వైపు. మొగుడు చెన్నకేశవులుకు తమిళనాడు సరిహద్దులోని హోసూరు ఫ్యాక్టరీలో ఉద్యోగం దొరికితే వెంట వచ్చింది. కంప్యూటర్ సెంటర్లో ఆరు నెలలు నేర్చుకుని, మరో ఏడాది అక్కడే పిల్లలకు నేర్పి, ఇక ఒకరి కింద చెయ్యనని ఇంట్లోనే పని పెట్టుకుంది. వంటింటికీ పడకగదికీ మధ్య రెండడుగుల మేజా, దాని మీద కంప్యూటరు. అదే ఆఫీసు. పెసరపప్పు కుక్కర్ విజిల్ వేస్తుంటే లేచి వెళ్ళి దించి, వచ్చి మళ్ళీ కోడు రాసుకుంటుంది. ఎవరైనా ‘ఆఫీసు యాడమ్మా?’ అని ఫోన్‌లో అడిగితే, ‘ఇంట్లోనేనప్పా, కాఫీ కూడా ఇస్తాం రండి’ అనేది.

ఆమెకు మొదటి పని ఇచ్చినది బాగలూరు నంజమ్మ. గులాబీ తోట ఆమెదే. మొగుడు శివరాజ్ గొర్రెలు, రాగి చేను చూసుకునేవాడు. ప్లాస్టిక్ కప్పు వేసి, కింద గులాబీలు పెంచి, బెంగుళూరు వ్యాపారులతో ఫోన్‌లో గద్దించి మాట్లాడి ధర తెచ్చినది ఆమె. చదివింది ఆరో తరగతి. ‘మన పూలు కంప్యూటర్లో కనపడాలంట పాపా, నువ్వు చేస్తావా?’ అని బస్సెక్కి హోసూరు వచ్చి మరీ అడిగింది. నాగజ్యోతి తోటకు వెళ్ళి తన చిన్న కెమెరాతో ఆమె ఫోటో తీసింది. చేతి నిండా ఎర్ర గులాబీలు, నెత్తిన తుండు, కెమెరా వెనక ఎవరినో తిడుతూ మధ్యలో నవ్వేసిన ముఖం. ‘మా గురించి’ అన్న పేజీలో ఆ ఫోటో పెట్టి, కింద పేరు రాసింది. నంజమ్మ కంప్యూటర్లో తనను తాను చూసుకుని, ‘అయ్యో, పండ్లు కనపడతాండాయే’ అని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

రెండు వేల ఏడులో నంజమ్మను తోటలో పాము కరిచి, కృష్ణగిరి ఆసుపత్రికి పోయే దారిలో సూళగిరి దాటక ముందే ప్రాణం పోయింది. ముప్పై ఆరేళ్ళు.

రెండేళ్ళు తిరక్కముందే శివరాజ్ మళ్ళీ పెళ్ళి చేసుకున్నాడు. పిల్ల పేరు త్రివేణి. కృష్ణగిరి అవతల పోచంపల్లి వైపు. ఇరవై మూడేళ్ళు, పన్నెండో తరగతి చదివింది. పెళ్ళయిన నెలకు శివరాజ్ ఫోన్ చేశాడు. “జ్యోతమ్మా, ఆ ఫోటో... ఇంక కనపడకుండా చేసేయమ్మా. కొత్త పిల్ల చూస్తే బాగుండదు.” నాగజ్యోతి సరేనంది. తీసెయ్యడానికి కూర్చుంది కూడా. కానీ ఆ నవ్వు మీద చెయ్యి ఆడలేదు. పైగా అలవాటు ఉండనే ఉంది. ‘చూపించవద్దు’ అని ఒక వాక్యం రాసి, కంప్యూటర్లో పేజీ తెరిచి చూసింది. నంజమ్మ లేదు. పూలు మాత్రం ఉన్నాయి. తృప్తిగా టీ పెట్టుకుంది.

రెండు వేల తొమ్మిది, సెప్టెంబరు. మహాలయ పక్షం నడుస్తోంది. పెద్దలకు బియ్యం, బట్టలు పెట్టే రోజులు. సోమవారం పొద్దున శివరాజ్ ఫోన్ చేశాడు.

“ఏంలేదమ్మా. మన వెబ్‌సైట్ పాత ఫోన్లో కొంచెం తేడాగా కనపడతాందంట. ఎందుకో ఒక మాట మెయిల్ రాసి పంపించు. ఇంట్లో చూపించాల.”

“తేడా అంటే ఎట్లన్నా? అక్షరాలా? బొమ్మలా?”

“త్రివేణికి నంజమ్మ కనపడతాందంట,” అన్నాడు అతను. “నా కంప్యూటర్లో చూసినాను, నా ఫోన్లో చూసినాను. యాడా లేదు. ఆయమ్మికి మాత్రమే కనపడతాందంట. మా అమ్మ ఒకటే గోల.”

“ఏ ఫోన్లో చూసిందన్నా?”

“నంజమ్మ ఫోన్. ఊరికే పడుంటే త్రివేణికి ఇచ్చినాను. సిమ్ము కూడా అదే. పూలోళ్ళంతా ఆ నెంబరుకే చేస్తారు గదా.”

“నువ్వు ఆ ఫోన్లో చూసినావా?”

“నేను దాన్ని ముట్టుకోనమ్మా,” అని పెట్టేశాడు.

నాగజ్యోతి ఫోన్ పెట్టి గబుక్కున కంప్యూటరు ముందు కూర్చుంది. దయ్యానికి భయపడి కాదు, తన పని తనకు గుర్తొచ్చి. పేజీకి రెండు ఫైళ్ళుంటాయి. మొదటి దానిలో సరుకు ఉంటుంది: మాటలు, బొమ్మలు, వరస. రెండోది అలంకారం: ఏది ఎక్కడ ఉండాలి, ఏ రంగు, ఏది చూపించవద్దు. ఆ అలంకారం ఫైలు తగిలించే చోట ‘ఇది కంప్యూటర్ తెరకు’ అని ఒక గుర్తు రాయడం ఆమెకు సెంటర్లో నేర్పిన పద్ధతి. కొత్త ఫోన్లు తమనూ కంప్యూటర్లుగానే లెక్కేసుకుని రెండు ఫైళ్ళూ చదువుతాయి. పాత ఫోన్లోని బ్రౌజర్‌ది మరో దారి. ‘నేను చేతిలో ఇమిడే దాన్ని, ఇది నాకు కాదు’ అని ఆ రెండో ఫైలును తెరవనే తెరవదు. ఉన్నది ఉన్నట్టు, పైనుంచి కిందికి చూపిస్తుంది. దాచమన్న సంగతి దానికి తెలియదు.

అంటే నంజమ్మను దాచింది నాగజ్యోతి. బయట పెట్టింది నంజమ్మ ఫోనే. ఆ మాట మనసులో అనుకోగానే చేతుల మీది వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి. కారణం తెలిసినా అవి నిలబడినవి నిలబడినట్టే ఉన్నాయి.

నిజం రాయడానికి చెయ్యి రాలేదు. తీసెయ్యమన్న ఫోటో తియ్యలేదని ఒప్పుకుంటే ఏమంటారో! గబగబా పేజీలోంచి ఫోటో పీకేసింది. సర్వర్లో ఫైలు చెరిపేసింది. ఆ కంగారులో తన కంప్యూటర్లో ఉన్న అసలు ఫోటోనూ చెరిపేసి, చెత్తబుట్ట కూడా ఖాళీ చేసింది. జన్మలో ఏదీ చెరపని మనిషి ఆవేళ చెరపడానికి కూర్చుంటే చెయ్యి ఆగలేదు. తర్వాత మెయిల్ రాసింది. శివరాజ్‌కు తెలుగు మాటే గాని తెలుగు చదువు లేదు, బడి అంతా తమిళం. అందుకని ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు రాస్తుంది.

‘అన్నా, పాత ఫోన్ బ్రౌజర్లో వెబ్‌సైట్ కొంచెం వేరేగా కనపడడం మామూలే. అది అన్నీ చదవలేదు. సరి చేసినాను. ఇంక భయం లేదు.’

అబద్ధం ఒక్క ముక్క లేదు అందులో. నిజమూ లేదు.

బుధవారం మధ్యాహ్నం ఆమె ఉల్లిపాయలు తరుగుతోంది. ఫోన్ మోగింది. తెర మీద పేరు చూసి కత్తి జారవిడిచింది.

నంజమ్మ.

ఎన్నడో దాచుకున్న పేరు. ఆ పేరు మీద రెండేళ్ళుగా ఫోన్ రాలేదు. ఎండ వంటింట్లోకి నిండుగా పడుతోంది, పక్కింట్లో టీవీ మోగుతోంది, ఫోన్ మీద నంజమ్మ పేరు వెలిగి ఆరుతోంది. ఆరోసారికి ఎత్తింది.

“అక్కా, నేను త్రివేణి,” అంది సన్నటి గొంతు. వెనక పూలు కత్తిరిస్తున్న చప్పుడు. “ఇంకా కనపడతాందక్కా.”

“తీసేసినానే, సోమవారమే!”

“ఇప్పుడే చూసినాను. మొదట ఖాళీ పెట్టె వస్తాది. దాంట్లో పేరు వస్తాది. కొంచేపటికి ముఖం వస్తాది. నన్నే చూసి నవ్వుతాదక్కా.” ఊపిరి పట్టుకుని చెప్తోంది. “తప్పు నాదే. బిళ్ళ తీసేసినాను గదా.”

ఏం బిళ్ళ అని అడిగితే చెప్పింది. పెళ్ళాం పోయినవాణ్ణి చేసుకున్న ఆడది తాళి పక్కన సవతమ్మ బిళ్ళ కట్టుకోవాలి. గోరంత వెండి బిళ్ళ, దాని మీద ఒక ఆడమనిషి ముఖం. పోయినామె అదే. కొత్త చీర కట్టేముందు ఆ బిళ్ళకు తాకించాలి, పూలు మొదట దానికి పెట్టాలి. పెళ్ళినాడు అత్త కట్టింది. నెల తిరక్కుండా శివరాజ్ తీసెయ్యమన్నాడు. ‘ఈ కాలంలో ఇదేం మోటుతనం’ అన్నాడట. అతనికి దాని వంక చూడడం ఇష్టం లేదు. త్రివేణి తీసి బియ్యం డబ్బాలో పెట్టింది. ఆ తర్వాత వారానికి ఫోన్లో నంజమ్మ వచ్చింది.

“శుక్రవారం అమావాస్య. కృష్ణగిరి అవతల ఏదో గుడికి తీసకపోతారంట. జుట్టు పాయ చెట్టుకు మేకుతో కొట్టి కోస్తే పట్టిన దయ్యం వదిలిపోతాదంట. మా అత్త ఒప్పించేసింది. మా ఆయప్ప ఊ అనలేదు, ఊహూ అనలేదు. అక్కా, నాకేం పట్టలేదు. నాకు పిచ్చి లేదు. ఉండేదే చెప్తాండా. ఒక్కరన్నా నమ్మితే చాలు.”

నాగజ్యోతికి ఎందుకు ఇంకా కనబడుతోందో అర్థమైంది. ఫోన్ ఒకసారి తెచ్చుకున్న పేజీని తన దగ్గర దాచుకుంటుంది. మళ్ళీ అడిగితే డబ్బు దండగ ఎందుకని దాచుకున్నదే తిప్పి చూపిస్తుంది. ప్రపంచం మొత్తం మీద నంజమ్మను చెరిపేశారు. ఆమె ఫోన్ మాత్రం చెరపలేదు. ఆ గోరంత ముఖం ఇప్పుడు ఉన్నది ఆ ఒక్క చోటే.

ఫోన్లో ఫలానా మీట నొక్కు, మొత్తం పోతుంది అని చెప్పబోయింది. ఆగిపోయింది. పోతే ఈ పిల్ల మాటకు రుజువు పోతుంది. రేపు అందరూ కలిసి ‘చూశావా, గుడి పేరు ఎత్తగానే వదిలింది’ అంటారు. జన్మంతా ఆ ఇంట్లో త్రివేణి పట్టిన మనిషిగానే బతకాలి. ఇదంతా తన పిరికితనం వల్ల. నాగజ్యోతికి తన మీద తనకే అసహ్యం వేసింది.

“త్రివేణమ్మా, దాన్ని ఏం చెయ్యొద్దు. ఏ మీటా నొక్కొద్దు. రేపు నేను వస్తాను,” అంది.

కూర పొయ్యి మీదే మాడింది. మెయిల్ రాయడానికి రెండు గంటలు పట్టింది.

‘శివరాజన్నా, సోమవారం సగం చెప్పి సగం మింగినాను. ఆ సగం ఇది. నువ్వు ఫోటో కనపడకుండా చెయ్యమన్నప్పుడు నేను తియ్యలేదు. దాచినాను. కంప్యూటరూ, కొత్త ఫోనూ దాచమన్న మాట చదువుకుంటాయి. పాత ఫోన్ బ్రౌజరు ఆ ఫైలు తెరవదు. దానికి దాచడం తెలీదు. అందుకే నీకు లేదు, త్రివేణికి ఉంది. రెండూ నిజమే. సోమవారం నిజంగానే తీసేసినాను, కానీ ఆ ఫోన్ పాత పేజీని లోపల పెట్టుకోనుంది, దాన్నే చూపిస్తాంది. త్రివేణికి ఏమీ పట్టలేదు. ఆ పిల్ల ఉన్నదాన్ని ఉన్నట్టు చూసింది. తప్పు నాది. రేపు వస్తాను. నేను వచ్చేదాకా ఆ పిల్లను యాడికీ తీసకపోవద్దు.’

జవాబు రాలేదు.

గురువారం పొద్దున బాగలూరు బస్సులో కిటికీ పక్కన కూర్చుంది. సన్నటి తుంపర. తోటలో పూలు కట్టలు కట్టే షెడ్డులో ముగ్గురూ ఉన్నారు. మూలన పీట మీద శివరాజ్ తల్లి. కింద గోనె మీద త్రివేణి, తల నిండా నూనె. జుట్టు విప్పి రేపటికి సిద్ధం చేసినట్టున్నారు. బల్ల దగ్గర శివరాజ్, కంప్యూటర్లో ఆమె మెయిలే తెరిచి ఉంది. ఎన్నిసార్లు చదివాడో.

“చదివినావా అన్నా?”

తలూపాడు. “మా అమ్మకు అర్థం కాలేదంట.”

“నాకు బాగానే అర్థమయింది,” అంది ముసలామె. “యంత్రం మీద తోసేస్తాండారు. రెండేండ్ల కింద పోయింది నా కోడలు. పోయినోళ్ళు ఊరికే కనపడరు పాపా, అందులోనూ ఈ పక్షంలో.”

“అవ్వా, ఆ ఫోన్ ఎవరు చూసినా కనపడతాది. నీ కొడుకును చూడమను.”

పైన ప్లాస్టిక్ మీద తుంపర పడుతున్న శబ్దం. త్రివేణి కొంగు ముడి విప్పి ఫోన్ బయటికి తీసింది. మీటల మీది అంకెలు అరిగిపోయి ఉన్నాయి. నంజమ్మ బొటనవేలు అరగదీసినవి. పేజీ తెరిచి, బల్ల మీద పెట్టి, వెనక్కి జరిగింది.

శివరాజ్ తాకలేదు. ఒంగి చూశాడు. ముందు ఖాళీ పెట్టె. అందులో పేరు. ఆ తర్వాత ముఖం. అగ్గిపెట్టెంత తెరలో చేతి నిండా గులాబీలతో నంజమ్మ ఎవరినో తిడుతూ నవ్వుతోంది.

నాగజ్యోతికి కారణాలన్నీ తెలుసు. ఒక్కో ఫైలు పేరు చెప్పగలదు. అయినా ఆ ఫోన్ తన యజమానిని చూపిస్తూ ఉంటే వెనక ఎవరైనా నిలబడ్డారేమోనని ఒకసారి తిరిగి చూసింది.

“తిడతాండేది నన్నే,” అన్నాడు శివరాజ్. “కెమెరా వెనకాల నేనే ఉన్యాను. గొర్రె తోటలో దూరిందని.”

ముసలామె లేచి వచ్చింది. ఫోన్‌ను కంటికి దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూసింది. నూనె ఓడుతున్న త్రివేణి జుట్టును తన చేతులతో పోగుచేసి ముడి వేసింది. రేపటి ప్రయాణం అక్కడితో ఆగిపోయింది.

“ఇంక తుడిచేద్దామా?” అంది నాగజ్యోతి నెమ్మదిగా. “ఒక్క మీట. మళ్ళీ యాడా కనపడదు. అసలు ఫోటో నా దగ్గర కూడా లేదు. భయపడి చెరిపేసినాను.”

“అక్కా,” అంది త్రివేణి. “ఒకటి చెప్పు. నేను చూడకముందు కూడా ఆమె ఆడనే ఉండిందా? మనం చూసే పేజీలోనే?”

“ఉండిందమ్మా.”

“అందరూ చూస్తాన్నప్పుడు కూడా?”

“ఉండింది. కనపడకుండా చేసినామంతే.”

త్రివేణి శివరాజ్ వైపు తిరిగింది. “అట్లయితే తుడవొద్దు. నాకు భయం చూసినందుకు కాదక్కా. నాకొక్కదానికే కనపడతాందని. అందరికీ కనపడనీ.”

శివరాజ్ తలెత్తలేదు. తనకు చెప్పే మాట అని అతనికి తెలిసింది. ఇంట్లో గోడ మీద ఓటరు కార్డు ఫోటో పెద్దది చేయించి పెట్టిందొకటి ఉండేది. దాన్నీ అతనే దించాడు. అందులో నంజమ్మ నవ్వదు.

ఫోటోను ఆ ఫోన్ నుంచి బయటికి తేవాలి. నాగజ్యోతి మీటలు నొక్కుతూ వెతికింది. పేజీలోని బొమ్మను విడిగా దాచుకునే వీలు ఉంది, తీగ లేకుండా పక్క ఫోన్‌కు పంపే వీలూ ఉంది. దాచింది. శివరాజ్ కొత్త ఫోన్‌ను బల్ల మీద పక్కన పెట్టమంది. పంపమని నొక్కింది.

రెండు ఫోన్ల మధ్య జానెడు దూరం. కొద్దిసేపు ఏమీ కాలేదు. తర్వాత కొత్త ఫోన్ గుర్రుమని ఒణికింది. తెర మీద ఇంగ్లీషులో ఒక ప్రశ్న వచ్చింది. పాత ఫోన్‌కు పేరు పెట్టుకోమంటే నంజమ్మ ఏనాడో తన పేరే పెట్టుకుంది. దాన్ని ఎవరూ మార్చలేదు.

నంజమ్మ నుంచి వస్తోంది. తీసుకుంటారా?

కింద రెండే జవాబులు. అవును. కాదు.

శివరాజ్ చెయ్యి చాపి, వెనక్కి తీసుకున్నాడు. నాగజ్యోతి నొక్కగలదు, నొక్కలేదు. ఆ ప్రశ్న ఆమెను అడిగింది కాదు. కాసేపైతే దానంతట అదే ఆరిపోతుందని ఆమెకు తెలుసు.

త్రివేణి లేచి షెడ్డు వెనక ఇంట్లోకి వెళ్ళింది. బియ్యం డబ్బా మూత తీసిన చప్పుడు వినిపించింది. తిరిగి వచ్చేసరికి పిడికిట్లో వెండి బిళ్ళ, దానికి అంటిన బియ్యప్పిండి. మొగుడి పక్కన నిలబడి, “తీసుకో,” అంది. “నీకోసరమే గదా వచ్చింది.”

శివరాజ్ రెండేళ్ళ తర్వాత నంజమ్మకు జవాబిచ్చాడు. అవును అని నొక్కాడు.